చిన్న వరుసను తీసేయడమా, పక్క ఊరితో కలపడమా?

బంగారంపై అప్పులిచ్చే ఒక సంస్థ కోనసీమలో ఊరికో యాడ్ సెట్ పెట్టి ప్రకటనలు నడిపిందనుకుందాం. నెలాఖరుకు 186 లీడ్లు, అంటే ప్రకటన చూసి తమ వివరాలిచ్చినవారు, వచ్చాయి: అమలాపురం 84, రావులపాలెం 52, ముమ్మిడివరం 31, రాజోలు 16, సఖినేటిపల్లి 3. ఈ నివేదిక యజమాని దగ్గరే ఆగదు. శాఖల మేనేజర్లకు వెళ్తుంది, అక్కడి నుంచి కమీషన్ ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుకూ చేరుతుంది. అమలాపురం 84 మంది ఎవరో ఎవరూ పోల్చుకోలేరు. సఖినేటిపల్లి వరుసలో ‘మహిళలు, 55 దాటినవారు: 1’ అని కనిపిస్తే మాత్రం ఆ ఊళ్లో రోజూ తిరిగే ఏజెంటుకు పేరుతో పని లేదు. ఆమె నగలు తాకట్టు పెట్టాలనుకుంటున్న సంగతి సాయంత్రానికి వీధికంతా తెలుస్తుంది.

అందుకే పది మందికి తగ్గిన వరుసను బయటికి ఇవ్వకూడదని ఒక నియమం పెట్టుకుంటారు. ఆ వరుసను ఏం చేయాలన్న దగ్గరే రెండు దారులున్నాయి.

మొదటిది, ఆ గడిని ఖాళీగా వదిలేయడం. చాలామంది చేసేది ఇదే, ఎందుకంటే సులువు. కానీ కింద మొత్తం 186 అని ఉంటుంది కదా! కనిపించే నాలుగు వరుసలూ కూడితే 183. తీసివేత వచ్చిన ఎవరికైనా ఆ మూడు దొరికిపోతుంది. దాన్ని ఆపాలంటే రెండో గడినీ దాచాలి, అంటే రాజోలు కూడా పోవాలి. అప్పుడైనా రెండూ కలిపి 19 అని లెక్క తేలుతూనే ఉంటుంది. ఆ 19 ఎలాగూ తెలిసేదైనప్పుడు దాన్ని మనమే పేరు పెట్టి ఇవ్వడం నయం కాదా?

రెండో దారి అదే: ‘రాజోలు, సఖినేటిపల్లి పరిసరాలు: 19’. మొత్తం సరిపోతుంది, ఖాళీ గడులు ఉండవు. వయసు, లింగం గడులను కూడా ఇదే పద్ధతిలో కలపాలి. ఊరిని మాత్రం కలిపి వయసును విడివిడిగా వదిలితే ఒంటరి గడి మళ్లీ బయటపడుతుంది. నా ఓటు కలపడానికే.

అయితే డబ్బు గడుల దగ్గర రెండు దారులవారూ ఒకే తప్పు చేస్తారు. లీడ్ల సంఖ్య దాచి, ఖర్చు 1,350 రూపాయలు, ఒక్కో లీడుకు అయిన ధర 450 రూపాయలు అని వదిలేస్తారు. భాగిస్తే మూడు! శాతాలదీ ఇదే తంతు. కాబట్టి ఖర్చును ముందుగా కలిపి, ఆ మొత్తాన్ని 19తో భాగించి కొత్త ధర వేయాలి.

ఏ ఊరిని దేనితో కలపాలన్నది పటం చూసి తేల్చే విషయం కాదు. సఖినేటిపల్లి రాజోలు వైపే ఉన్నా, వశిష్ఠ దాటితే నరసాపురం. అక్కడివారు పంటు ఎక్కి నరసాపురం శాఖకే వెళ్తుంటే సఖినేటిపల్లిని నరసాపురంతో కలిపితేనే యజమానికి ఉపయోగం. ఎలా కలిపినా ఏడాది పొడవునా అలాగే ఉంచాలి. ఒకే నెల లెక్కను ఒకరికి రాజోలు విడిగానూ, మరొకరికి కలిపీ ఇస్తే ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినవారికి దాచినది దొరుకుతుంది.

గడిని ఖాళీ చేయడం మేలైన సందర్భం ఒకటుంది. మొత్తాన్ని కూడా ఇవ్వకుండా, పెద్ద ఊళ్ల పోలిక మాత్రమే ఒక్కసారికి చూపించేటప్పుడు. అప్పుడు తీసివేయడానికి ఏమీ ఉండదు.

ఇక వ్యక్తిగత వివరాలు. పేర్లు తీసేసి ఫోను నంబర్లను హ్యాష్‌గా, అంటే నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా, మార్చి ఇస్తే చాలనే మాట తరచూ వినిపిస్తుంది. చాలదు. మన మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటిది ఆరు నుంచి తొమ్మిది లోపు. అంటే సాధ్యమయ్యేవి 400 కోట్లే. వాటన్నిటికీ SHA-256 పద్ధతిలో హ్యాష్ విలువలు లెక్కకట్టి సరిపోల్చడం మంచి కంప్యూటర్‌కు పెద్ద పనేమీ కాదు. పంచుకునే ఫైలులో ఆ నిలువు వరుసే ఉండకూడదు, లీడ్ ఐడీతో సహా.

ఎక్సెల్‌లో పివట్ పట్టిక పంపేవారు మరీ జాగ్రత్తపడాలి. అసలు షీటు చెరిపేసినా ఆ సమాచారం మామూలుగా పట్టిక లోపలే దాగి ఉంటుంది. 19 మీద రెండుసార్లు నొక్కితే చాలు, పందొమ్మిది మంది పేర్లూ నంబర్లూ కొత్త షీటులో పరుచుకుంటాయి. అంకెలను మాత్రమే కాపీ చేసి, Paste Values తో కొత్త ఫైలులో అతికించి పంపాలి.

పది అన్న హద్దు కూడా అన్నిటికీ కాపు కాయదు. ఆ పందొమ్మిది మందీ అప్పు కారణం ‘ఆసుపత్రి ఖర్చు’ అని రాశారనుకోండి, ఎంత కలిపినా ప్రతి ఒక్కరి గుట్టూ తెలిసినట్టే. అలాంటి గడిని ఊరివారీగా ఇవ్వకుండా జిల్లా మొత్తానికి ఒక్క అంకెగా ఇవ్వాలి.