ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ అడిగితే ఎన్‌ఆర్‌ఓలో వేశారు: గల్ఫ్‌లో ఉన్న మన జిల్లా వాళ్లు స్టేట్‌మెంట్ చూసుకోండి

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఖతార్, దుబాయ్, సౌదీ వెళ్లినవాళ్లలో చాలామందికి శ్రీకాకుళం టౌన్‌లో ఒక బ్యాంకు బ్రాంచిలోనే ఖాతా ఉంది. పేరు రాయను. ఎన్నారై ఖాతాల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక కౌంటరు పెట్టారు కాబట్టి ఏ బ్రాంచో మీకు తెలిసే ఉంటుంది. నిన్న అక్కడి నుంచి వచ్చాను. ఇంకా కోపం తగ్గలేదు, అయినా ఇవాళే రాస్తున్నాను. ఎందుకంటే ఐటీ రిటర్న్ వేయడానికి గడువు ఉంటుంది. నాలాగే డబ్బు పోయినవాళ్లు ఆలోగా చూసుకోవాలి.

జరిగింది ఇది. 2024లో సెలవుకి వచ్చినప్పుడు దోహాలో సంపాదించి పంపిన డబ్బులో పది లక్షలు ఏడాదికి డిపాజిట్ చేయమని అడిగాను. డబ్బు బయట దేశం సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ సేవింగ్స్ ఖాతాలో ఉంది, డిపాజిట్ కూడా ఎన్‌ఆర్‌ఈలోనే కావాలని నోటితో స్పష్టంగా చెప్పాను. వడ్డీ మాత్రం మూడు నెలలకోసారి ఎన్‌ఆర్‌ఓలో, అంటే ఎన్నారైలకు ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఉండే ఖాతాలో పడాలన్నాను, నాన్న ఇంటి ఖర్చులకు తీసుకునేది దాంట్లోంచే. అక్కడున్న ఆఫీసరు ఫారం ఇచ్చి "సంతకం పెట్టండి సార్, మిగతా గళ్లు మేం నింపుకుంటాం" అన్నారు. ఆ గళ్లలోనే నన్ను ముంచారు.

2024 జూలై 1న పది లక్షలు ఎన్‌ఆర్‌ఈ నుంచి తీసి నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేశారు. అక్కడి నుంచి ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ కట్టారు. వడ్డీ రేటు రెండింటికీ ఏడు శాతమే. ఫోన్‌లో యాప్ తెరిస్తే పది లక్షలు, ఏడు శాతం, ఏడాది అని కనిపిస్తుంది. ఆ తెర మీద అనుమానం వచ్చేది ఏమీ లేదు. అసలు సంగతి ఎన్‌ఆర్‌ఓ సేవింగ్స్ స్టేట్‌మెంట్‌లో ఉంది. సెప్టెంబరు చివర ఇలా రెండు లైన్లు పడ్డాయి:

```
30-09-2024  INT CREDIT FD    17,500.00 CR
30-09-2024  TDS DEDUCTED      5,460.00 DR
```

పది లక్షలకు ఏడు శాతం అంటే ఏడాదికి 70,000, మూడు నెలలకు 17,500. అక్కడిదాకా సరిగ్గానే ఉంది. దాని కిందనే అదే తేదీన 5,460 కోసేశారు. 17,500లో ఇది 31.2 శాతం. ఎన్నారైలకు ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం పన్ను, ఆ పన్ను మీద నాలుగు శాతం సెస్సు కలిపి కోసే రేటు ఇదే. చేతికొచ్చింది 12,040. ఇలా నాలుగుసార్లు పోయింది, మొత్తం 21,840 రూపాయలు. ఏడు శాతం అని చెప్పి కట్టించిన డిపాజిట్ మీద చేతికి దక్కింది ఐదు శాతం కూడా లేదు.

ఇదే పది లక్షలు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో ఉండి ఉంటే ఒక్క రూపాయి కూడా కోత పడేది కాదు. బయట దేశంలో ఉంటున్నవాళ్లకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా మీద వచ్చే వడ్డీకి ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు నన్ను దీని మీదే దబాయించారు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీని ఎన్‌ఆర్‌ఓ సేవింగ్స్‌లో జమ చేయించుకోవచ్చు. అలా చేసినా ఆ వడ్డీకి పన్ను పడదు. వడ్డీ ఏ డిపాజిట్ మీద పుట్టిందన్నదే లెక్క, ఎక్కడ జమ పడిందన్నది కాదు. కాబట్టి "మీ నాన్నగారికి ఈజీగా ఉంటుందని ఎన్‌ఆర్‌ఓలో పెట్టాం" అన్న వాళ్ల జవాబులో అర్థం లేదు.

నాన్న ఆ లైను మొదటిసారే చూశారట. పాస్‌బుక్ పట్టుకుని కౌంటరు దగ్గరికెళ్లి "ఏటి బాబూ, ఇదేటి కోసేశారు?" అని అడిగారు. "టాక్స్ అందరికీ పడుతుంది తాతా, పక్కకి జరగండి, లైన్లో మనుషులున్నారు" అన్నారట అక్కడి కుర్రాడు. అందరికీ పడదు. ఊళ్లో ఉన్నవాళ్ల మామూలు డిపాజిట్ మీద ఏడాది వడ్డీ ఒక హద్దు దాటేవరకు బ్యాంకు కోయదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు అరవై ఏళ్లలోపు వాళ్లకు 50,000, పెద్దవాళ్లకు లక్ష. ఎన్‌ఆర్‌ఓకి మాత్రం ఆ హద్దు లేదు, మొదటి రూపాయి నుంచే కోస్తారు. అరవై ఐదేళ్ల మనిషిని, సరైన ప్రశ్న అడిగిన మనిషిని, అబద్ధం చెప్పి పక్కకి తోశారు. డబ్బు కన్నా నాకు ఇదే ఎక్కువ మండుతోంది. ఆ రోజు ఆ కుర్రాడు కంప్యూటర్లో ఒక్క నిమిషం చూసి ఉంటే అప్పుడే మార్చుకునేవాళ్లం, ఒక్క 5,460తో పోయేది.

నిన్న నేను రెండు స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టి ఆఫీసరుకి చూపించాను. ఎన్‌ఆర్‌ఈలో పది లక్షల డెబిట్, అదే రోజు ఎన్‌ఆర్‌ఓలో పది లక్షల క్రెడిట్, వెంటనే డిపాజిట్. ఆయన ఫైలు తెప్పించి నా ఫారం నా ముందు పెట్టారు. సంతకం నీలం ఇంకుతో నాది. డిపాజిట్ రకం దగ్గర టిక్కు నల్ల ఇంకుతో ఉంది, అకౌంట్ నంబరు, తేదీ రాసిన చేతిరాతే అది. "సంతకం మీదే కదా సార్. ఖతార్‌లో సంపాదించేవాళ్లు, ఇరవై వేలకి ఇంత గొడవా?" అన్నారు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో పైపులు వెల్డింగ్ చేసి పంపిన డబ్బు అది. ఎవరి డబ్బుకి ఎవరు విలువ కడుతున్నారు?

పైగా ఒక సలహా: "వచ్చే ఏడాదికి 15జీ ఇచ్చేయండి, కోత పడదు." ఎవరైనా ఈ మాట చెబితే నమ్మకండి. నాకు పన్ను పడేంత ఆదాయం లేదు, కోయకండి అని రాసిచ్చే ఈ 15జీ, 15హెచ్ ఫారాలు ఇండియాలో నివాసం ఉన్నవాళ్లకే. ఎన్నారై అది ఇస్తే తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టే, దానికి జవాబుదారీ బ్యాంకు కాదు, సంతకం పెట్టిన మనిషే.

డిపాజిట్ 2025 జూలై 1తో ముగిసింది. పది లక్షలు ఇప్పుడు ఎన్‌ఆర్‌ఓ సేవింగ్స్‌లో ఉన్నాయి, అక్కడ ఉన్నంతకాలం దాని వడ్డీకీ అదే కోత. సరే, ఎన్‌ఆర్‌ఈకి తిరిగి వేసేయండి అంటే కుదరదన్నారు. ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎన్‌ఆర్‌ఓకి డబ్బు ఒక్క సంతకంతో దిగిపోతుంది. వెనక్కి ఎక్కించాలంటే మాత్రం దాన్ని బయట దేశానికి పంపినట్టే చూస్తారు. ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది, మనలాంటి వాళ్లకు ఆ హద్దుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది కాగితాలతో. ఆ డబ్బు ఎక్కడిది, దానికి పన్ను కట్టారా అని చార్టర్డ్ అకౌంటెంట్ 15సీబీ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని బట్టి మనం 15సీఏ అనే డిక్లరేషన్ ఆన్‌లైన్లో పెట్టాలి, రెండూ బ్యాంకుకి ఇవ్వాలి. నా డబ్బు నా ఖాతాలోంచి తీసి, నా ఇంకో ఖాతాలో తప్పుగా వేసింది వాళ్లు. దాన్ని సరిచేయడానికి ఆడిటరు ఫీజు నేను కట్టాలట.

కోసిన పన్ను సంగతి. బ్యాంకు దాన్ని ప్రభుత్వానికి కట్టేసింది కాబట్టి బ్యాంకు తిరిగి ఇవ్వడం కుదరదు, అది నిజమే. రిటర్న్ వేసి రిఫండ్ తీసుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కోతలు నాలుగైనా ఈ రిటర్న్‌లోకి వచ్చేవి మూడే. సెప్టెంబరు, డిసెంబరు, మార్చి కోతలు 2024-25 ఆర్థిక సంవత్సరానివి, మొత్తం 16,380. 2025 జూన్ 30న కోసిన 5,460 తర్వాతి సంవత్సరం లెక్కలోకి వెళ్తుంది, దాని కోసం మరుసటి ఏడాది మళ్లీ రిటర్న్ వేయాలి. నాకు ఇండియాలో వేరే ఆదాయం లేదు. ఆ ఏడాది వడ్డీ 52,500, ఆ ఏడాదికి కొత్త విధానంలో మూడు లక్షల దాకా పన్ను లేదు, కాబట్టి 16,380 మొత్తం వెనక్కి రావాలి. ఎన్నారైలు ఐటీఆర్-1 వేయకూడదు, ఇలా వడ్డీ ఒక్కటే ఆదాయం అయితే ఐటీఆర్-2 వేయాలి.

రిటర్న్ వేసే ముందు మీ పాన్ మీద కోసిన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ తీసి స్టేట్‌మెంట్‌తో లైనుకి లైను సరిచూసుకోండి. పాన్ నంబరు బ్యాంకులో తప్పుగా ఎక్కి ఉంటే స్టేట్‌మెంట్‌లో కోత కనిపిస్తుంది కానీ 26ఏఎస్‌లో మీ పేరున రాదు. జనవరి నుంచి మార్చి వరకు కోసినదానికి బ్యాంకు లెక్క దాఖలు చేయడానికి మే 31 వరకు గడువు ఉంటుంది, కాబట్టి ఏప్రిల్‌లో చూసి లేదని టెన్షన్ పడకండి. జూలైలో కూడా లేకపోతే మాత్రం బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి, కోతకి సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ కూడా తీసుకోండి.

బ్యాంకు మీద ఫిర్యాదు రాసి ఇచ్చాను, రసీదు మీద స్టాంపు వేయించుకున్నాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెడతాను. దానికి ఫీజు లేదు. నేను అడిగేది ఆడిటరు ఖర్చు, నాన్నకి చెప్పిన అబద్ధానికి రాతలో జవాబు.

మీరు చేయాల్సింది చిన్న పని. యాప్ తెర మీద చూసి ఊరుకోకండి, డిపాజిట్ బాండు పీడీఎఫ్ తెరవండి. పైన ఎన్‌ఆర్‌ఈ అని ఉందో ఎన్‌ఆర్‌ఓ అని ఉందో చూడండి. తర్వాత వడ్డీ పడిన తేదీన స్టేట్‌మెంట్‌లో దాని కింద లైను చదవండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ అయితే అక్కడ కోత ఉండకూడదు. ఉంటే, మీ డిపాజిట్ ఇంకా నడుస్తుంటే, మధ్యలో మూసేసే ముందు బ్యాంకు ఎంత కోస్తుందో రాతలో అడిగి లెక్క వేసుకోండి. కొత్తగా ఎన్‌ఆర్‌ఈలో కట్టే డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ అసలు రాదని కూడా గుర్తుంచుకోండి. ఇంటి దగ్గర పెద్దవాళ్లు పాస్‌బుక్ చూసి "ఏదో కోశారు" అంటే కొట్టిపారేయకండి, ఆ పేజీ ఫోటో తీసి పంపమనండి.