ఉలవచారు బిర్యానీ: కుండలో వస్తే ఒకటి, డబ్బాలో వస్తే ఇంకొకటి

పోయిన జూలైలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది. హైదరాబాద్ నిజాంపేటలో ఒక క్లౌడ్ కిచెన్ వాళ్లది. "మెనూలో కొత్తగా ఉలవచారు చికెన్ బిర్యానీ. ఆదివారం మాత్రమే. ఆర్డర్ శనివారం రాత్రి 8 లోపు. డెలివరీ: నిజాంపేట, ప్రగతి నగర్, హైదర్‌నగర్, బాచుపల్లి." మేముండేది బాచుపల్లిలో, అదీ మియాపూర్ వైపు కాదు, ఆ చివర. అయినా లిస్టులో పేరుంది కదా అని ఆర్డర్ పెట్టాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది, ఇరవైసార్లకు పైనే తెప్పించి ఉంటాను. వాళ్ల పేరు మాత్రం రాయడం లేదు. చెప్పబోయేది సగం పొగడ్త, సగం తిట్టు.

మొదటి ఆదివారం బిర్యానీ మట్టికుండలో వచ్చింది. మూతి చుట్టూ గోధుమపిండి ముద్ద, అది ఎండి పెళుసుగా ఉంది. చాకు మొనతో పిండి లేపితే ముందు ఉలవల వాసన, తర్వాతే మసాలా వాసన. మా అమ్మమ్మ వాళ్లది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఎడ్లకని పెద్ద గంగాళంలో ఉలవలు ఉడకేసేవాళ్లు. గుగ్గిళ్లు ఎడ్లకి, ఆ నీళ్లు చారుకి. అదే వాసన ఈ కుండలోంచి వచ్చేసరికి గరిట పెట్టబుద్ధి కాలేదు కాసేపు. మెతుకు మెతుకుకీ అంటకుండా పొడిపొడిగా ఉంది. మధ్యలో ఒక వరుస అన్నం మాత్రం చారు పీల్చుకుని ముదురు గోధుమ రంగులో ఉంది. పక్కన చిన్న డబ్బాలో మరికొంత చారు, ఇంకో చిన్న డబ్బాలో మీగడ.

ఇది ఇంట్లో చేద్దామని ఒకసారి ప్రయత్నించి చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి దీని కష్టం తెలుసు. ఉలవచారు ఎంత మరిగించినా ఎంతో కొంత నీళ్లే. ముప్పాతిక ఉడికిన బాస్మతి అన్నం మీద పల్చటి చారు పోసి దమ్ముకి పెడితే ఆ నీళ్లన్నీ అన్నమే తాగేస్తుంది, మెతుకు పగిలిపోతుంది. అందుకే చారు గరిట వెనక పట్టి నిలిచేంత చిక్కబడాలి, అదీ ఒక వరుసకే వెయ్యాలి. వీళ్లు మొదట్లో ఆ రెండూ సరిగ్గా చేశారు. శనివారం రాత్రి 8 లోపు అన్న నియమం కూడా ఊరికే పెట్టింది కాదు. ఉలవలు రాత్రంతా నానాలి, పొద్దున ఉడికించి, ఆ నీళ్లు వడగట్టి, చింతపండు పులుసు పోసి మళ్లీ మరిగించాలి. ఎన్ని బిర్యానీలో రాత్రే తెలియకపోతే ఎన్ని ఉలవలు నానబెట్టాలో వాళ్లకి తెలియదు.

అలా నాలుగు నెలలు గడిచాయి. కనిపించినవాళ్లకల్లా చెప్పాను, మా ఫ్లోర్‌లో మూడిళ్లవాళ్లు నా మాట మీదే మొదలుపెట్టారు. ఆ మాట ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

నవంబరులో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. బయట తిండంటే ఆవిడకి పడదు. "ఇది అలాంటిది కాదత్తయ్యా, తిని చూడండి" అని నేనే పట్టుబట్టి ఫ్యామిలీ ప్యాక్ చెప్పాను. ఒంటిగంటకి రావాల్సింది రెండు దాటాక వచ్చింది. కుండ లేదు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, పైన పారదర్శకమైన మూత, మూత లోపలంతా నీటి బొట్లు. తెరుస్తుంటే ఆ నీళ్లు మళ్లీ అన్నం మీదే కారాయి. అడుగున గరిట పెడితే పొంగలిలా ముద్దగా లేచింది. మా అత్తగారు ఒక ముద్ద తిని, "రుచి బానే ఉందమ్మా, పెరుగుందా?" అన్నారు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు ఫోన్ చేశాను. ఎత్తింది ఆ కిచెన్ నడిపే ఆవిడే. తప్పించుకోకుండా చెప్పింది, అది మాత్రం మెచ్చుకోవాలి. "కుండలు పగిలిపోతున్నాయండీ. నిజాంపేట రోడ్డు మీరు చూస్తూనే ఉంటారుగా, పోయిన నెలలో బండి మీదే నాలుగు పోయాయి. అందుకని డబ్బాలకి మారాం." మరి ముద్దెందుకు అయిందంటే, మా ఇల్లు వాళ్లకి చివరి స్టాప్. ఒక అబ్బాయి ఒక ట్రిప్పులో మూడు నాలుగు ఆర్డర్లు పట్టుకుని బయల్దేరతాడు. ప్రగతి నగర్‌లో దింపింది అరగంటలో చేరితే, నాది చేరేసరికి గంట దాటుతుంది. అప్పటిదాకా వేడి అన్నం ఆవిరి వదులుతూనే ఉంటుంది. కుండ అయితే ఆ తేమని కొంత తను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్‌కి పీల్చుకునే గుణం లేదు కాబట్టి ఆవిరి మూతకి కొట్టుకుని నీళ్లయి కిందికి దిగుతుంది. మామూలు బిర్యానీ అయితే ఆ గంట ఓర్చుకుంటుందేమో, అప్పటికే చారు తాగి ఉన్న అన్నం ఓర్చుకోలేదు.

ఆ ఫోన్ తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. మెసేజ్‌లో "కుండ" అని రాస్తే నలభై రూపాయలు ఎక్కువ తీసుకుని కుండలోనే పంపుతున్నారు, పగిలితే ఆ నష్టం వాళ్లదే. పోస్టర్‌లో ఇది ఎక్కడా లేదు, అడిగినవాళ్లకే. రెండోది, ఆదివారం మొదటి ట్రిప్పు పన్నెండుంబావుకి బయల్దేరుతుంది, అందులో నన్ను వెయ్యమంటాను. మొదటి ట్రిప్పుకి ఇంకో లాభం కూడా ఉంది. రెండు దాటాక వచ్చిన ఆర్డర్లలో చారు పల్చబడినట్టు నాకు కనీసం మూడుసార్లు అనిపించింది. చిన్న డబ్బాలో చారుని చెంచాతో ఎత్తి వంచితే తెలిసిపోతుంది. మంచిది చెంచాకి పూతలా పట్టి మెల్లగా జారుతుంది. నీళ్లు కలిపినదైతే గబుక్కున కారిపోయి చెంచా శుభ్రంగా ఉంటుంది, డబ్బా అడుగున మాత్రం మడ్డి మిగులుతుంది.

ఫుడ్ యాప్‌లో కూడా ఇదే బిర్యానీ కనిపిస్తుంది. అక్కడ ధర అరవై ఎక్కువ, కుండ అడిగే వీల్లేదు, ఆ రోజు మిగిలిన చారు ఉంటేనే చూపిస్తుంది. నేనైతే వాట్సాప్‌లోనే చెప్పి, డబ్బు రాత్రే ఫోన్‌పే చేసేస్తాను. సింగిల్ 340, ఇద్దరికి సరిపోదు, ఒకరికి కాస్త మిగులుతుంది. డబ్బా మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంది. మొదటిసారే ఆ వెబ్‌సైట్‌లో కొట్టి చూశాను, వాళ్ల పేరే వచ్చింది. మనం లోపలికి వెళ్లి చూడలేని వంటగది కాబట్టి ఆ మాత్రం చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ముక్కల గురించి అడుగుతారేమో. చికెన్ బాగానే ఉంటుంది, అంతే. ఎముక ముక్కలే ఎక్కువ పడతాయి. దీన్ని తెప్పించుకునేది అన్నం కోసం, ఆ చారు కోసం. మీగడ కలిపి తింటే మసాలా ఘాటు తగ్గి ఉలవల రుచి ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లలకి ఆ వగరు అంత నచ్చదు, మావాడు మామూలు దమ్ బిర్యానీయే అడుగుతాడు.

మీరు నిజాంపేటలోనో ప్రగతి నగర్‌లోనో ఉంటే డబ్బాలో వచ్చినా పరవాలేదు, కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మాలా బాచుపల్లి చివర ఉంటే మాత్రం కుండా, మొదటి ట్రిప్పూ రెండూ కుదిరితేనే. కుదరని ఆదివారాలు నేను మానేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న రోజు అస్సలు చెప్పను. ఖాళీ కుండలు మాత్రం ఎనిమిది పోగయ్యాయి. రెండింట్లో కరివేపాకు మొక్కలు పెట్టాను. అడుగున చిల్లు పెట్టబోతే మూడోది పగిలింది.