120 గంటల వైరింగ్ కోర్సు: పాఠాలు ఎక్కువున్నది మేలా, బోర్డు ముందు ఎక్కువసేపు నిలబెట్టేది మేలా?

ఇళ్ల వైరింగ్ నేర్పే రెండు కోర్సు ప్రణాళికలు ముందున్నాయనుకోండి. రెండూ 120 గంటలవే.

మొదటిదాంట్లో థియరీకి 56 గంటలు, ప్రాక్టికల్‌కు 60, పరీక్షకు 4. నైపుణ్యాల జాబితాలో ఓమ్ సూత్రం నుంచి మోటారు స్టార్టర్లు, ఇన్వర్టర్, సోలార్ దాకా 12 అంశాలున్నాయి. బ్యాచ్‌కు 20 మంది, ప్రాక్టీసు బోర్డులు 5.

రెండోదాంట్లో థియరీ 24 గంటలే. ప్రాక్టికల్ 84, మదింపు 12. నైపుణ్యాలు ఐదే: సరఫరా ఆపి లైను చచ్చిందని నిర్ధారించుకోవడం, పైపు వేసి వైరు లాగడం, లైటు, సాకెట్ సర్క్యూట్లు కట్టడం, కరెంటు మితిమీరితే ఆపే ఎంసీబీ, ఎర్త్‌లోకి లీకైతే ఆపే ఆర్‌సీసీబీలతో మెయిన్ బోర్డు అమర్చడం, పని పూర్తయ్యాక పరీక్షించి లోపాలు పట్టడం. బ్యాచ్‌కు 12 మంది, బోర్డులు 6.

పైపైన చూస్తే మొదటిదే నిండుగా కనిపిస్తుంది. కానీ ప్రాక్టికల్ గంటల్ని ప్రణాళికలో రాసినట్టే లెక్కపెట్టకూడదు. స్క్రూడ్రైవర్ మీ చేతిలో ఎంతసేపు ఉంటుందన్నదే లెక్క. మొదటిదాంట్లో ఒక్కో బోర్డుకు నలుగురు. 60 గంటల్ని నాలుగుతో భాగిస్తే మనిషికి 15 గంటలు వస్తాయి. దాన్ని 12 అంశాలకు పంచితే అంశానికి గంటంబావు. సోలార్ అయినా స్టార్టర్ అయినా గంటంబావులో ఒకసారి చూడటమే అవుతుంది, నేర్చుకోవడం అవదు. రెండోదాంట్లో బోర్డుకు ఇద్దరు, అంటే మనిషికి 42 గంటలు. పైగా ఒకరు కట్టినదాన్ని రెండోవాళ్లు మీటరుతో పరీక్షిస్తారు కాబట్టి ఆ మిగతా సగం కూడా వృథా పోదు. నలుగురున్నచోట ఆ పద్ధతి నడవదు. ఇద్దరు పనిచేస్తుంటే మిగతా ఇద్దరు చూస్తూ నిలబడతారు.

అయినా ఈ రెండింటి మధ్య అసలు తేడా గంటల్లో కంటే మదింపులో ఉంది. కోర్సు ఎంచుకునేటప్పుడు ముందుగా చదవాల్సింది ఆ పేజీయే.

మొదటిదాంట్లో చివరి రోజు రెండు గంటల రాత పరీక్ష, తర్వాత రెండు గంటల ప్రాక్టికల్. నలుగురు కలిసి ఒక సర్క్యూట్ కడతారు. స్విచ్ వేస్తే లైటు వెలగాలి, వెలిగితే పాస్. ఈ పరీక్ష నాకు అసలు నచ్చదు. కట్టింది నలుగురిలో ఎవరో తెలియదు, అది ఒకటి. అంతకంటే పెద్ద సంగతి, తప్పుగా కట్టినా లైటు వెలుగుతుంది. స్విచ్‌ను ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టినా వెలుగుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉండనే ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు షాక్ కొడుతుంది. ఎర్త్ వైరు ఎక్కడో ఊడిపోయినా వెలుగుతుంది. స్క్రూ సరిగా బిగించకపోయినా ఆ చిన్న లైటుకు ఏమీ కాదు. అదే టెర్మినల్ మీద హీటరు పడిన రోజున వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

రెండోదాంట్లో ఒక్కో బోర్డు దగ్గర ఒక్కరే నిలబడతారు. మూడు గంటలు కట్టడానికి, గంటన్నర లోపాలు పట్టడానికి. ఆరు బోర్డుల మీద పన్నెండు మంది రెండు విడతల్లో 9 గంటల్లో పూర్తి చేస్తారు. మిగిలిన 3 గంటలు రాత, మౌఖిక ప్రశ్నలకు. మార్కుల శాతం ఉండదు, పని వచ్చిందా, ఇంకా రాలేదా అన్నదే రాస్తారు. ఒక్క విషయంలో మాత్రం ఎంత బాగా కట్టినా మళ్లీ రమ్మంటారు: లైను చచ్చిందని నిర్ధారించుకోకుండా చెయ్యి పెడితే. ముందు టెస్టింగ్ పరికరాన్ని కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి, తర్వాత పనిచేసే లైను మీద, మళ్లీ కరెంటు ఉన్నచోట. మూడో అడుగు ఎందుకంటే, మధ్యలో పరికరమే పాడైతే కరెంటున్న లైను కూడా చచ్చినట్టే చూపిస్తుంది. నియాన్ టెస్టర్ వెలగలేదు కదా అన్న మాట ఇక్కడ ఒప్పుకోరు.

లోపాలు పట్టే గంటన్నర ఎలా ఉంటుందో చూడండి. బోర్డు మీద మెట్ల దగ్గర వాడే టూవే స్విచ్‌ల లైటు ఒకటి, 20 మీటర్ల దూరంలో ఒక సాకెట్ ఉన్నాయి. పరీక్షకుడు మూడు తప్పులు దాచి పెడతాడు.

మొదటిది తేలిక. పై స్విచ్ ఒక వైపు ఉన్నప్పుడే కింది స్విచ్ పనిచేస్తుంది, రెండో వైపు ఉంటే ఎంత నొక్కినా లైటు రాదు. ఒక స్విచ్‌లో కామన్ టెర్మినల్‌కు రావాల్సిన వైరు, రెండు స్విచ్‌ల మధ్య తిరిగే వైరు తారుమారయ్యాయన్నమాట.

రెండోది సాకెట్ ఎర్త్‌లో. ప్లగ్ పెడితే అన్నీ పనిచేస్తాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 7.4 మిల్లీఓమ్‌లు. 20 మీటర్లకు 0.15 ఓమ్ దరిదాపుల్లో రావాలి. మీటరు వైర్ల సొంత నిరోధం తీసేశాక కూడా 0.9 చూపిస్తే దారిలో ఎక్కడో లూజ్ ఉన్నట్టే. మీటరు బీప్ మంది కాబట్టి ఎర్త్ ఉందని వదిలేసిన విద్యార్థి ఇక్కడే ఆగిపోతాడు. రావాల్సిన విలువ ముందే లెక్కగట్టుకున్నవాళ్లకు మాత్రం తప్పు కనిపిస్తుంది. 24 గంటల థియరీ సరిపోతుందా అన్న సందేహానికి నా జవాబు ఇదే: ఈ లెక్క చేయగలిగేంత ఉంటే సరిపోతుంది.

మూడోది జంక్షన్ బాక్సులో న్యూట్రల్, ఎర్త్ తాకి ఉండటం. లోడు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది, ఎంసీబీ మాత్రం కదలదు. తిరిగి రావాల్సిన కరెంటులో కొంత ఎర్త్ దారి పట్టడంతో ఫేజ్, న్యూట్రల్ కరెంట్ల మధ్య తేడా వస్తుంది, ఆర్‌సీసీబీ చూసేది ఆ తేడానే. సరఫరా ఆపి, బల్బులూ ఎలక్ట్రానిక్ పరికరాలూ తీసేసి, ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను బోర్డులోని న్యూట్రల్ బార్ నుంచి విడదీసి, ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడాలి. కనీసం 1 మెగాఓమ్ ఉండాలి, ఇక్కడ సున్నా దగ్గర ఆగుతుంది. జంక్షన్ దగ్గర లైన్లు విడదీసి ఒక్కో భాగాన్ని కొలిస్తే తప్పున్న భాగం బయటపడుతుంది.

ఇలాంటి లోపాలు ఒకసారి చూస్తే పట్టుబడవు. అందుకే రెండో ప్రణాళిక పరీక్షలకూ లోపాలకూ 84 గంటల్లో 22 కేటాయించింది. మొదటిదాంట్లో మెగ్గర్ పేరు థియరీ పాఠంలో మాత్రమే ఉంది.

నా ఓటు రెండోదానికే. మొదటిది పనికొచ్చే సందర్భం ఒకటుంది. తర్వాత ఎలాగూ రెండేళ్ల పెద్ద కోర్సులో చేరబోయేవాళ్లకు, ఏ శాఖ తీసుకోవాలో తేల్చుకోవడానికి ఆ 12 అంశాల పరిచయం ఉపయోగపడుతుంది. వెంటనే పనిలోకి దిగాలనుకునేవాళ్లకు కాదు.

రెండోదాంట్లో లోటు లేదని కాదు. త్రీ ఫేజ్ అసలు లేదు, మోటార్లు లేవు. ఇది పూర్తి చేసినవాళ్లు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో ఇంటి సర్క్యూట్లు కట్టగలరు, అంతవరకే. మొదటి కోర్సు మాత్రమే దొరికే పరిస్థితి ఉంటే చేర్చుకునేవాళ్లను రెండు అడగండి: బ్యాచ్‌లో 10 మందికి మించకుండా, అంటే బోర్డుకు ఇద్దరే ఉండేలా చూస్తారా? చివరి పరీక్షలో లైటు వెలిగించాక మీటరు రీడింగులు కూడా ఎవరివి వాళ్ల చేత రాయిస్తారా? రెండింటికీ అవునంటే ఆ 60 గంటల్లో మనిషికి 30 దక్కుతాయి, చేరవచ్చు.