128 జీబీ ల్యాప్‌టాప్‌లో 340 జీబీ ఫైళ్లు: మూడేళ్ల వాడకం తర్వాత

నా ల్యాప్‌టాప్ డిస్కు 128 జీబీ. విండోస్ లెక్కలో అది 119గానే కనిపిస్తుంది. విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా నాకు మిగిలేది 60 జీబీ లోపే. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో మాత్రం పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అన్నీ కలిపి 340 జీబీ ఉన్నాయి. మూడేళ్లుగా ఈ రెండింటికీ పొత్తు కుదిర్చింది ‘ఫైల్స్ ఆన్ డిమాండ్’ అనే సదుపాయం. ఇది 2017లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది.

ఫైళ్ల పేర్లన్నీ ఫోల్డర్లో కనిపిస్తాయి, లోపలి సరుకు మాత్రం క్లౌడ్‌లోనే ఉంటుంది. పక్కన నీలం మబ్బు గుర్తుంటే ఫైలు దిగలేదని అర్థం. డబుల్ క్లిక్ చేస్తే దిగుతుంది, గుర్తు తెల్లటి వలయంలో ఆకుపచ్చ టిక్‌గా మారుతుంది. అనుమానంగా ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties చూడండి. Size దగ్గర 2 జీబీ ఉన్నా Size on disk దగ్గర సున్నా ఉంటే, ఆ ఫైలు మీ డిస్కులో లేదు.

మొదట్లో నాకు తెలియని సంగతి ఒకటుంది. ఒకసారి దిగిన ఫైలు తనంతట తాను వెనక్కి పోదు. ఆర్నెల్లు రోజూ ఏవో ఫొటోలు తెరుస్తూ పోయాను. ఒక ఆదివారం ముఖాలను గుర్తుపట్టి ఫొటోలు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, దానికి ఫొటోల ఫోల్డర్ మొత్తం చూపించాను. ముఖాలు వెతకాలంటే అది ప్రతి ఫొటోనూ తెరవాలి. తెరిచిన ప్రతిదీ దిగుతుంది. మధ్యాహ్నానికల్లా సి డ్రైవ్ గీత ఎర్రగా మారింది, రెండు జీబీలు కూడా మిగల్లేదు. ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కాపీ కావాలంటే ముందు ఫైలు దిగాలి.

అప్పుడు నన్ను గట్టెక్కించింది ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే Free up space. అదే పని కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ కమాండ్‌తోనూ చేయొచ్చు:

```
attrib +U -P "%OneDrive%\Photos\*" /S /D
```

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో System, Storage దారిలో వెళ్లి Storage Sense ఆన్ చేశాను. అందులో వన్‌డ్రైవ్ కింద 30 రోజులు ఎంచుకున్నాను. నెల రోజులు తెరవని ఫైలు మళ్లీ మబ్బు గుర్తుకు మారిపోతుంది. అయితే ఇది మామూలుగా డిస్కు నిండబోతున్నప్పుడే నడుస్తుంది. దాన్ని వారానికోసారికి మార్చుకున్నాక ఇంతవరకు డిస్కు నిండలేదు.

పొలం కాగితాలతో నేర్చుకున్నది వేరు. రిజిస్ట్రేషన్ పని మీద ఊరెళ్లాను, అక్కడ సిగ్నల్ లేదు. పాత దస్తావేజు స్కాన్ కళ్ల ముందే ఉంది, పక్కన మబ్బు గుర్తు. తెరుచుకోలేదు. నాన్నగారు “ఇందులోనే ఉందన్నావు కదరా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చిన రోజే ఆ ఫోల్డర్‌కు Always keep on this device పెట్టాను. అలా పెట్టినవాటికి నిండు ఆకుపచ్చ వలయంలో తెల్ల టిక్ వస్తుంది, స్టోరేజ్ సెన్స్ వాటి జోలికి పోదు. నేను అలా ఉంచుకున్నవి మొత్తం 4 జీబీ కూడా లేవు. ప్రయాణానికి ముందు వాటిలో ఒకటి తెరిచి చూసుకుంటాను.

అన్నిటికన్నా భయపడాల్సింది డిలీట్ విషయంలో. చోటు ఖాళీ చేద్దామని మా తమ్ముడు పెళ్లి వీడియోల ఫోల్డర్‌ను డిలీట్ చేశాడు. “మబ్బు గుర్తుంది కదా అన్నయ్యా, క్లౌడ్‌లో ఉంటుందనుకున్నా” అన్నాడు. ఆ ఫోల్డర్ క్లౌడ్‌లోంచీ, నా ఫోన్‌లోంచీ పోయింది. దిగని ఫైళ్లు కాబట్టి ల్యాప్‌టాప్ రీసైకిల్ బిన్‌లోకీ రాలేదు. వన్‌డ్రైవ్ వెబ్‌సైటు రీసైకిల్ బిన్‌లో దొరికాయి. వ్యక్తిగత ఖాతాకు అక్కడ 30 రోజుల గడువుంటుంది, మేం నాలుగో రోజున చూశాం. చోటు కావాలంటే నొక్కాల్సింది Free up space మాత్రమే.

ఫోల్డర్ పేరు కూడా కనబడకూడదనుకుంటే, వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లోని Choose folders దగ్గర టిక్ తీసేయొచ్చు. అది ఈ ల్యాప్‌టాప్‌ నుంచి మాత్రమే మాయమవుతుంది, క్లౌడ్‌లో భద్రం. పాత ఆఫీసు వీడియోలకు ఇలా చేశాను. ఫొటోలకు మాత్రం చేయను. పేరు కనబడితేనే నాకు ఫలానా సంక్రాంతి ఫొటోలున్నాయని గుర్తొస్తుంది.

ఒక్క లోటు మాత్రం అలాగే ఉంది. దిగని ఫైళ్ల లోపలి మాటలను విండోస్ సెర్చ్ వెతకలేదు, పేర్లు మాత్రమే దొరుకుతాయి. అందుకే స్కాన్లకు సర్వే నంబరు, ఊరు, సంవత్సరం కలిపి పేర్లు పెట్టుకుంటున్నాను. ఇంకా వందకు పైగా మిగిలాయి.