మెస్‌లో వృథా లెక్కకు గూగుల్ షీట్: రెండో ఏడాది వాడుతున్నాక నా సమీక్ష

మాది ఇంజనీరింగ్ కాలేజీ అబ్బాయిల హాస్టల్. దాదాపు నాలుగు వందల మందిమి ఉంటాం. మెస్‌ది డివైడింగ్ సిస్టమ్, అంటే నెల ఖర్చంతా తిన్నవాళ్ళ మీద పంచి బిల్లు వేస్తారు. ఎంగిలి బకెట్‌లో పడే అన్నానికి కూడా మేమే డబ్బు కడుతున్నాం కాబట్టి మెస్ కమిటీలో వృథా లెక్క రాయాలనుకున్నాం. యాప్ ఏదీ కొనలేదు, గూగుల్ షీట్‌లోనే డ్యాష్‌బోర్డ్ కట్టాం. ఇప్పుడు రెండో విద్యా సంవత్సరం నడుస్తోంది. ముందే చెప్తాను: షీట్ బాగా పనిచేస్తోంది, అందులోని రంగురంగుల చార్టులను మాత్రం ఎవరూ పెద్దగా చూడరు. దాని విలువంతా రెండు కాలమ్‌లలో ఉంది. ఒకటి ఆ పూట నిజంగా తిన్నవాళ్ళ సంఖ్య, రెండోది బకెట్ బరువు.

షీట్‌లో ఉన్నవి మూడే ట్యాబ్‌లు. మొదటిది Entry, రోజూ రాసేది. తేదీ, పూట, తిన్నవాళ్ళు, బకెట్లతో సహా బరువు, ఎన్ని బకెట్లు, నికర వృథా, వారం, చివర్లో గుండిగల్లో మిగిలినది. రెండోది వారాల పట్టిక, మూడోది వార్డెన్‌కి చూపించే పేజీ. ఏడాదంతా రాసినా రోజుకు మూడు పూటల చొప్పున వెయ్యి వరుసల చిల్లర అవుతుంది కాబట్టి ఫోన్‌లో కూడా నెమ్మదించదు. రాసేది మెస్ సూపర్‌వైజర్ అన్న. ఆయనకు పూటకు రెండు నిమిషాల పని, అంతకు మించితే రాయరు, రాయమని అడగడం న్యాయం కూడా కాదు.

ఇప్పుడు తిన్నవాళ్ళ సంఖ్య సంగతి. ఇలాంటి షీట్లలో చాలావరకు మొత్తం వృథాను హాస్టల్‌లో పేర్లున్న వాళ్ళ సంఖ్యతో భాగిస్తారు. సులువే, కానీ తప్పుదోవ పట్టిస్తుంది. ఒక గురువారం రాత్రి లెక్క చూడండి. మూడు బకెట్లు కలిపి తూకం 31.4 కేజీలు. ఖాళీ బకెట్ 1.2 కేజీ, మూడింటికి 3.6 తీసేస్తే నికరంగా 27.8 కేజీలు. ఆ రాత్రి తిన్నది 312 మంది, అంటే ఒక్కొక్కరికి 89 గ్రాములు. అదే ఆదివారం రాత్రి సగం మంది ఊళ్ళకు వెళ్ళి ఉంటారు. తిన్నది 180 మంది, వృథా 18 కేజీలు, మనిషికి సరిగ్గా 100 గ్రాములు. ఈ రెండింటినీ 400తో భాగిస్తే గురువారం 69.5, ఆదివారం 45 వస్తాయి. అంటే నిజానికి ఎక్కువ పారేసిన రాత్రి, చార్టులో తక్కువ పారేసిన రాత్రిగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఆదివారం మెనూ బాగుందనుకుంటే అంతే సంగతులు.

మరి తిన్నవాళ్ళను ఎలా లెక్కపెట్టాలి? సంతకాల రిజిస్టర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకడే ముగ్గురికి టిక్ పెట్టేస్తాడు. మా దగ్గర పనిచేసింది ప్లేట్ల లెక్క. భోజనానికి ముందు కౌంటర్ మీద యాభై చొప్పున దొంతరలు పేరుస్తారు, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టి తీసేస్తారు. మధ్యలో కడిగిన ప్లేట్లు మళ్ళీ కౌంటర్ మీదికి వస్తే మాత్రం లెక్క చెడుతుంది. అందుకే రద్దీ పూట కడిగినవాటిని వేరే బల్ల మీద పెట్టి, అక్కడి నుంచి కూడా యాభై దొంతరలుగానే అందిస్తున్నారు. నలుగురైదుగురు అటూఇటూ అవుతారు, దానివల్ల సగటు పెద్దగా కదలదు.

బరువులో తేడాలు ఇంకా ఎక్కువ. ములక్కాడ సాంబారు పెట్టిన రోజు చార్టు ఎగిరిపడుతుంది, ఎందుకంటే నమిలిన పిప్పి అంతా బకెట్‌లోకే వస్తుంది. చికెన్ రోజు ఎముకలు, ఉదయం అరటి తొక్కలు, కోడిగుడ్డు పెంకులు కూడా అంతే. ఇవి వృథా కావు, తినడానికి పనికిరానివి. వీటికి పక్కనే వేరే బకెట్ పెట్టి తూకం నుంచి తప్పించాం. ములక్కాడ పిప్పిని మాత్రం ఎవరూ ఏరి వేరే బకెట్‌లో వెయ్యరు, కాబట్టి ఆ రోజుకు నోట్ రాసి, దాన్ని మళ్ళీ ములక్కాడ సాంబారు రోజుతోనే పోల్చుతున్నాం. అన్నిటికన్నా పెద్ద దొంగ నీళ్ళు. గ్లాసులో మిగిలిన నీళ్ళు ఎంగిలి బకెట్‌లో పోసినా, అందులోనే చెయ్యి కడిగినా కేజీలకు కేజీలు పెరుగుతాయి. పారేసినది ఎప్పటిలాగే ఉన్నా బకెట్ మాత్రం పైదాకా పల్చగా నిండి ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. నీళ్ళకు విడిగా టబ్ పెట్టాక ఈ బెడద చాలావరకు తగ్గింది.

గుండిగల్లో మిగిలిన అన్నాన్ని ఎంగిలితో కలపకూడదు. ప్లేట్‌లో మిగిలితే అది తిన్నవాడి లెక్క, లేదా వడ్డించిన గరిటె లెక్క. గుండిగలో మిగిలితే వండించినవాళ్ళ అంచనా లెక్క. రెంటినీ ఒకే అంకెలో చూపిస్తే వంటవాళ్ళు విద్యార్థులను, విద్యార్థులు వంటవాళ్ళను అంటారు, మీటింగ్ అక్కడే ఆగిపోతుంది. ఇది మాకు బాగా అనుభవమే.

ఇక వారం లెక్క. వారం సంఖ్యకు WEEKNUM వాడకండి. 2024 డిసెంబర్ 31 మంగళవారానికి అది 53 ఇస్తుంది, మర్నాడు జనవరి 1కి 1 ఇస్తుంది. ఒకే వారం రెండు ముక్కలవుతుంది. పైగా మామూలుగా అది వారాన్ని ఆదివారంతో మొదలుపెడుతుంది, మా మెనూ సోమవారంతో మొదలవుతుంది. దాని బదులు ప్రతి తేదీకి ఆ వారపు సోమవారం తేదీనే రాబట్టుకుంటే గొడవ ఉండదు. G కాలమ్‌లో రెండో వరుసలో ఒక్కసారి ఇది పెడితే చాలు, కింద వరుసలకు అదే వస్తుంది:

```
=ARRAYFORMULA(IF(A2:A="","",A2:A-WEEKDAY(A2:A,2)+1))
```

వారాల ట్యాబ్‌లో A కాలమ్‌లో సోమవారం తేదీలు ఉంటాయి. పక్కన ప్లేటుకు ఎన్ని గ్రాములో ఇలా వస్తుంది:

```
=SUMIFS(Entry!F:F,Entry!G:G,A2,Entry!D:D,">0")
 /SUMIFS(Entry!C:C,Entry!G:G,A2,Entry!D:D,">0")*1000
```

ఇక్కడ మొత్తాన్ని మొత్తంతో భాగిస్తున్నామని గమనించండి. పూటల సగటులను మళ్ళీ సగటు చేస్తే అంకె మారిపోతుంది. ఒక పూట 300 మంది 18 కేజీలు పారేశారు, 60 గ్రాములు. ఇంకో పూట 100 మంది 12 కేజీలు, 120 గ్రాములు. ఈ రెండింటి సగటు 90. కానీ నిజంగా 400 ప్లేట్లకు 30 కేజీలు పోయాయి, అంటే 75 గ్రాములు. ఇక ఒక రోజుకు విద్యార్థికి ఎంత అని వార్డెన్ అడిగితే మూడు పూటల గ్రాములను కూడి చెప్తాం. ఏ పూటైనా రాయకపోతే ఆ రోజు సెల్‌ను ఖాళీగా వదిలేస్తాం.

ఫార్ములాలో D కాలమ్ సున్నా కన్నా ఎక్కువ ఉండాలన్న షరతు ఎందుకంటే, ఒక్కోసారి తిన్నవాళ్ళ సంఖ్య రాసి బరువు మర్చిపోతారు. అప్పుడు కింది అంకె పెరిగి వృథా తగ్గినట్టు కనిపిస్తుంది. అలాగే ఆ వారంలో ఎన్ని పూటల లెక్క వచ్చిందో పక్కన ఒక COUNTIFS పెట్టాం. 21 రావాలి. 18 కన్నా తగ్గితే ఆ వారం బూడిద రంగులోకి మారుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

వాడుతూ ఉంటే ఎదురయ్యేవి ఇంకో రెండు ఉన్నాయి. బరువు సెల్‌లో ఎవరైనా "31.4 కేజీ" అని అక్షరాలతో రాస్తే షీట్ దాన్ని అంకెగా చూడదు. వారం లెక్క ఏ తప్పూ చూపించకుండా ఆ పూటను పక్కన పెట్టేస్తుంది. డేటా వ్యాలిడేషన్ పెట్టినా, కాపీ పేస్ట్ చేసినప్పుడు తప్పించుకుని వస్తాయి. అందుకే ఒక మూల ఈ కాపలా సెల్ పెట్టుకోవాలి, ఇది ఎప్పుడూ సున్నాగా ఉండాలి:

```
=COUNTA(Entry!D2:D)-COUNT(Entry!D2:D)
```

రెండోది తేదీలు. ఫైల్ సెట్టింగ్స్‌లో లొకేల్ అమెరికాగా ఉంటే, ఆగస్టు 5 అని మనం రాసిన 05/08 కాస్తా మే 8 అవుతుంది. 13/08 అయితే అసలు తేదీగానే తీసుకోదు, మాటగా మిగిలిపోతుంది. కంటితో పట్టుకోవచ్చు: నిజమైన తేదీ సెల్‌లో కుడివైపుకి, మాటగా మిగిలినది ఎడమవైపుకి ఉంటాయి. లొకేల్‌ను ఇండియాగా మార్చడం మొదటిరోజే చెయ్యాల్సిన పని.

ఇంతకీ ఏం తెలిసింది? వారం వారం గీత కన్నా మాకు పనికొచ్చింది ఒకే వంటను దానితోనే పోల్చే పట్టిక. మెనూ వారానికోసారి తిరుగుతుంది కాబట్టి ఈ మంగళవారం రాత్రిని గత నాలుగు మంగళవారాల రాత్రులతో పోల్చడం సులువు. ఉప్మా రోజు వృథా ఎక్కువ అని అందరికీ తెలుసు, దానికి షీట్ అక్కర్లేదు. తెలియనిది ఏంటంటే, కూర బాగాలేని రోజు బకెట్‌లో ఎక్కువగా పడేది కూర కాదు, అన్నం. ప్లేట్ నిండా అన్నం పెట్టించుకున్నాక కూర రుచి చూసి వదిలేస్తారు. దాంతో అన్నం వడ్డించే పెద్ద హస్తం మార్చి, మొదటిసారి తక్కువ పెట్టి, రెండోసారి అడిగినంత పెట్టేలా చేశాం. పారేస్తున్నది తగ్గింది, ఆ తర్వాతి నెలల్లోనూ ఆ స్థాయిలోనే ఉంది. భోజనాల గదిలో నిన్నటి వృథా అంకె బోర్డు మీద రాయడం మాత్రం మొదటి రెండు మూడు వారాలే పనిచేసింది. తర్వాత బోర్డు వైపు చూసేవాళ్ళే లేరు.

సంక్రాంతి, దసరా సెలవుల ముందు వెనక వారాలు, పరీక్షల వారాలు ఈ షీట్‌తో అర్థం కావు. తినేవాళ్ళు మారిపోతారు, తినే పద్ధతీ మారిపోతుంది. వాటిని చార్టులోంచి తీసెయ్యకుండా నోట్ రాసి వదిలెయ్యడమే మేలు. ఇంకో పరిమితి, ఎవరు పారేస్తున్నారో ఇది చెప్పదు. విద్యార్థికి 89 గ్రాములు అంటే అందరూ 89 పారేశారని కాదు. చాలామంది ప్లేట్ ఖాళీ చేస్తారు, కొందరు సగం వదిలేస్తారు. మనిషిమనిషికీ తూకం పెట్టి ఫైన్ వెయ్యాలని మా కమిటీలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. క్యూ రెట్టింపవుతుంది, మిగిలింది ప్లేట్‌లో కాకుండా టిష్యూలో చుట్టి కిటికీలోంచి పోతుంది.

మీరూ కట్టుకోవాలనుకుంటే ఫైల్‌ను ఏ సీనియర్ కాలేజీ మెయిల్ కిందా పెట్టకండి. అతను పాసై వెళ్ళాక ఆ మెయిల్ మూసేస్తే ఫైల్ కూడా దానితోపాటే పోవచ్చు. మెస్ పేరున ఒక ఉమ్మడి మెయిల్ తీసి, ఫైల్‌ను దాని కిందే మొదలుపెట్టి, ఫార్ములాలు ఉన్న కాలమ్‌లకు ప్రొటెక్ట్ పెట్టి, కొత్త కమిటీ వచ్చినప్పుడు పాస్‌వర్డ్ మార్చి అప్పగిస్తే సరిపోతుంది.