ఫ్లీ చుక్కల మందు: ఏడాదికి పైగా వాడాక నా సమీక్ష

హన్మకొండలో మాది పాత ఇల్లు, కింద షాబాద్ బండలు. టైగర్ అనే నాటు కుక్క, బుజ్జి అనే పిల్లి ఉన్నాయి. పోయినేడు వానాకాలం నుంచి రెండింటికీ ఫ్లీలు, అంటే వెంట్రుకల్లో చేరి రక్తం తాగే చిన్న పురుగులు, పోవడానికి ఫిప్రోనిల్, ఎస్-మెథోప్రీన్ కలిపిన చుక్కల మందు నెలనెలా వేస్తున్నాం. మందు మంచిదే, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కానీ మొదటి నెలలో చాలామంది దీన్ని "పనిచేయట్లేదు" అని ఎందుకు వదిలేస్తారో నాకు బాగా అర్థమైంది.

ముందు టైగర్ సంగతి. తోక మొదట్లో, నడుము కింద, వెనక తొడల మీద వెంట్రుకలు రాలిపోయి, చర్మం ఎర్రబడి, రాత్రంతా అదే చోట కొరుక్కునేది. గజ్జి అనుకున్నాం. వెతికితే ఒంటి మీద ఒకటో రెండో ఫ్లీలు తప్ప కనిపించలేదు. గోమారు అయితే చర్మానికి పట్టుకుని కదలకుండా ఉంటుంది. ఫ్లీలు సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉండి వెంట్రుకల మధ్య పరుగెత్తుతాయి, చెయ్యి పెడితే దూకుతాయి. డాక్టరు దువ్వెనతో నల్లటి నలుసులు తీసి తడి దూది మీద వేస్తే చుట్టూ ఎర్రటి మరక దిగింది. అది మట్టి కాదు, ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. ఇంట్లో కూడా తడి తెల్ల కాగితం మీద ఇలాగే చూసుకోవచ్చు.

టైగర్‌కు ఉన్నది ఫ్లీ ఎలర్జీ. ఫ్లీ కుట్టినప్పుడు దాని ఉమ్మి చర్మంలోకి పోతుంది, ఆ ఉమ్మి పడని కుక్కకు కొద్ది కాట్లతోనే రోజుల తరబడి దురద ఉంటుంది. అందుకే ఒంటి మీద పురుగులు లేనట్టే కనిపించినా పుండు మానదు. బుజ్జి మీద అంతకన్నా ఎక్కువ ఫ్లీలు దొరికాయి, దానికి మాత్రం పెద్ద దురద లేదు. పిల్లులకు ఈ ఎలర్జీ వస్తే మెడ మీద, వీపు మీద చిన్న చిన్న పొక్కుల్లా తేలుతుంది, లేదా పొట్ట దగ్గర వెంట్రుకలు నాకి నాకి ఊడిపోతాయి.

చుక్కలు వేశాక ఒకట్రెండు రోజుల్లో ఒంటి మీదివి చచ్చాయి. రెండో వారంలో మళ్లీ కొత్తవి కనిపించాయి. మా అమ్మ "నకిలీ మందు ఇచ్చిండ్రు" అంది. డాక్టరు మాత్రం, "ఇవి మీ ఇంట్లోంచే వస్తున్నయమ్మా, మందు ఆపొద్దు, ఇల్లు చూసుకోండి" అన్నారు.

ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకట్రెండు రోజుల్లోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, రోజుకు 40 దాకా పెడుతుంది. గుడ్లు నున్నగా ఉంటాయి కాబట్టి వెంట్రుకలకు అంటుకోవు, జంతువు పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులు వెలుతురు పడక బండల సందుల్లోకి, బొంతల మడతల్లోకి, సోఫా కిందికి పోయి, రాలిన ఫ్లీ రెట్ట తిని పెరుగుతాయి. తర్వాత దుమ్ము అంటుకున్న గూడు కట్టుకుంటాయి. అసలు చిక్కు ఈ గూడు దశే. స్ప్రేలు దానిలోకి సరిగా దిగవు. లోపల తయారైన ఫ్లీ నెలల తరబడి ఆగగలదు, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. కొన్నాళ్లు తాళం వేసిన ఇంట్లోకి వెళ్లగానే కాళ్లకు కుట్టడానికి కారణం ఇదే.

మెథోప్రీన్ వల్ల కొత్త గుడ్లు, పిల్ల పురుగులు ఎదగవు. అప్పటికే గూళ్లలో ఉన్నవి మాత్రం బయటికి వచ్చి, మందు ఉన్న ఒంటి మీదికి ఎక్కి చావాల్సిందే. చచ్చేలోపు కుట్టొచ్చు కూడా, ఎలర్జీ ఉన్న కుక్కకు అదే బాధ. అందుకని ఆ వారాల్లో టైగర్‌కు దురద తగ్గే మాత్రలు డాక్టరే రాశారు.

మేం చేసిందల్లా వాక్యూమ్. మొదట్లో రోజూ, తర్వాత రోజు విడిచి రోజు బండల సందులు, మంచాల కింద, సోఫా మూలలు తీశాం. ఆ అదురుకు గూళ్లలోవి బయటికి వస్తాయి, అది మంచిదే. తీసిన చెత్తను వెంటనే కవర్లో కట్టి బయట పడేయాలి. టైగర్ పడుకునే గోనెసంచి తీసేసి, ఉతకగలిగే దుప్పటి వేసి, వారానికోసారి వేడినీళ్లలో ఉతికాం. ఊడ్చే చీపురు సందుల్లోంచి వీటిని లాగలేదు, ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. మే నెల ఎండలో వాకిట్లో పిల్ల పురుగులు బతకవు, కానీ నీడగా చెమ్మగా ఉండే మెట్ల కింద బతుకుతాయి. ముసురు పట్టాక మళ్లీ పెరుగుతాయి. కాబట్టి ఎండాకాలం కదా అని మేం నెల తప్పించలేదు.

వాడే తీరులో రెండు మాటలు. మెడ వెనక వెంట్రుకలు విడదీసి చర్మం మీదే వేయాలి, దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. 10 నుంచి 20 కిలోల కుక్కకు 1.34 మి.లీ. ట్యూబు, పిల్లికి వేరేగా 0.5 మి.లీ. ట్యూబు. కుక్క మందు పిల్లికి పంచొద్దు. ముఖ్యంగా పర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లికి విషం, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. కొనేముందు డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూసుకోండి.

దీనిలో లోటు ఏమిటంటే, ఇంట్లో ఉన్న ప్రతి జంతువుకూ వేయాలి. బుజ్జికి దురద లేదని ఒక్క నెల మానేస్తే గుడ్లు రాల్చేది అదే అవుతుంది. మాకు పూర్తిగా తెరిపి రావడానికి మూడు నెలలు దగ్గర పట్టింది, టైగర్ తోక మొదట్లో వెంట్రుకలు అప్పుడే మొలవడం మొదలైంది.