విలీనం తర్వాత పెట్టే సవరణ దరఖాస్తు: నాలుగు గడుల నమూనా, ఆరేళ్ల వాడకం

ఈ నమూనాలో నన్ను కట్టిపడేసింది ఒక్కటే, రెండో గడి. దాని మీద ‘విలీనానికి ముందు’ అని రాసి ఉంటుంది. మిగతాదంతా ఏ దరఖాస్తులోనైనా ఉండేదే.

పెన్షనర్ల సంఘం బల్ల దగ్గర 2020 నుంచి దీన్ని వాడుతున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ కలిశాయి. బ్యాంకులు కలిశాక కొంతకాలానికి ఒకే వీధిలో ఉన్న రెండు శాఖల్ని ఒకటి చేయడం మొదలవుతుంది. వివరాలు తారుమారయ్యేది ఎక్కువగా ఈ రెండో విడతలోనే. అంతకుముందు ఇలాంటి వాటికి పెట్టిన ఉత్తరాలన్నీ ‘అయ్యా, నా ఖాతా వివరాలు తప్పుగా ఉన్నవి, దయచేసి సరిచేయవలసిందిగా ప్రార్థన’ అన్న రెండు లైన్లే. కౌంటర్లో జవాబు కూడా ఒకటే వచ్చేది: ‘కేవైసీ ఫారం నింపి ఇవ్వండి.’

ఆ జవాబుతోనే వ్యవహారం పక్కదారి పడుతుంది. కేవైసీ ఫారం నింపితే ఖాతాదారే తన వివరాలు మార్చమని అడిగినట్టు లెక్క. నిజానికి ఆయన మార్చమనలేదు, మారిపోయినదాన్ని మొదటిలా పెట్టమంటున్నాడు. నాలుగు గడుల దరఖాస్తు ఈ తేడాను వాదన లేకుండా చూపిస్తుంది. వివరం, విలీనానికి ముందు ఏముంది, ఇప్పుడు ఏముంది, ఆధారం ఏమిటి, అంతే. ఒక వరుస ఇలా ఉంటుంది:

| వివరం | విలీనానికి ముందు | ఇప్పుడు | ఆధారం |
|---|---|---|---|
| పేరు | ఇంటిపేరు పొడి అక్షరం ముందు, ఆ తర్వాత పూర్తి పేరు | పొడి అక్షరం లేదు, పేరు రెండు ముక్కలై వెనకది ముందుకొచ్చింది | జత 1: పాత పాస్‌బుక్ మొదటి పేజీ, జత 2: ఆధార్ |

పేరు వరుసే అన్నిటికంటే ఎక్కువసార్లు పడుతుంది. కారణం మన ఇంటిపేర్లే. పాత శాఖలో పేరంతా ఒకే గడిలో కొట్టేవారు. కొత్త సిస్టమ్‌లో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు. ముందుండే పొడి అక్షరం ఆ సర్దుబాటులో ఎగిరిపోతుంది, లేకపోతే చివరికి వెళ్లి కూర్చుంటుంది. దీనివల్ల పెన్షన్ జమ ఆగదు, నెఫ్ట్‌లో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. అందుకే చాలామంది పట్టించుకోరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద టీడీఎస్ పడకుండా డిక్లరేషన్ ఇవ్వబోయినప్పుడు, పాన్‌లో పేరు కలవడం లేదన్నప్పుడు గుర్తొస్తుంది.

నాలుగో గడి దగ్గర ఒక పొరపాటు పదేపదే చూశాం. పేరుకీ పుట్టిన తేదీకీ ఆధారంగా పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓ, ఒక్కటే జతచేసి ఇస్తారు. ప్రభుత్వం ఇచ్చిన కాగితం కదా, ఇంకేం కావాలన్న ధీమా. కానీ రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లో పీపీఓకి ఉన్న చోటు చిన్నది. అందులో చిరునామా ఉంటే, చిరునామాకి మాత్రమే, అదీ తాత్కాలికంగా పనికొస్తుంది. కొత్త చిరునామా ఉన్న అసలు పత్రం మూడు నెలల్లో ఇవ్వాలి. పేరుకీ పుట్టిన తేదీకీ ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు లాంటివే కావాలి. పీపీఓ పెట్టి వెనక్కి తిరిగొచ్చిన దరఖాస్తుల్లో బ్యాంకు తప్పేమీ లేదు. మేమే అలా రాసిచ్చాం.

ఐఎఫ్‌ఎస్‌సీని కూడా తప్పుల పట్టికలో ఎక్కించడం ఇంకో అలవాటు. శాఖ మారితే అది మారాల్సిందే. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదోది సున్నా, చివరి ఆరూ శాఖవి. దాన్ని ‘సరిచేయండి’ అంటే గుమాస్తా నవ్వుకుంటాడు, కింద ఉన్న అసలు తప్పుల్ని కూడా అదే కంటితో చూస్తాడు.

ఇక ఈ నమూనా మమ్మల్ని ముంచిన సంగతి. బ్యాంకు పేరు అనవసరం. కేంద్ర ప్రభుత్వ పెన్షనరు ఒకాయన, భార్యతో కలిపి ఉమ్మడి ఖాతా, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతి, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే రెండోవారు నడపొచ్చు. ఊళ్లో రెండు శాఖలు ఒకటయ్యాయి, కొత్త పాస్‌బుక్ ఇచ్చారు. పట్టికలో మూడు వరుసలు నింపాం: పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు. పుట్టిన తేదీ జనవరి 1గా మారి ఉంది. సంవత్సరం సరిగ్గానే ఉంది, నెలా రోజూ ఎగిరిపోయాయి. రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ సీలు వేయించుకున్నాం. పదకొండు రోజుల్లో మూడూ సరయ్యాయి. ఇంత చక్కగా జరిగిన దరఖాస్తు మరొకటి లేదని అప్పట్లో అందరికీ దీన్నే చూపించేవాళ్లం.

పది నెలల తర్వాత ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ డబ్బు తీయడానికి వెళ్తే, ‘ఖాతా మీ పేరు మీద లేదమ్మా, సింగిల్’ అన్నారు. ఉమ్మడి ఖాతాదారు విలీనంలోనే జారిపోయింది. ఆవిడ పేరు ఒకప్పుడు దరఖాస్తు ఫారం మీద, పాస్‌బుక్ మీద ఉందే తప్ప, ఆవిడకి విడిగా కస్టమర్ నంబరు, అంటే సీఐఎఫ్, ఎప్పుడూ పుట్టలేదు. సీఐఎఫ్ లేని మనిషిని కొత్త సిస్టమ్ మనిషిగా లెక్కపెట్టలేదు. ఇది ఆ శాఖ చెప్పిన కారణమే. పాత ఖాతాల విషయంలో నమ్మదగ్గదే.

మేం ఎందుకు పట్టుకోలేకపోయాం? కొత్త పాస్‌బుక్‌లో తప్పుగా పడ్డవాటినే ఏరి పట్టికలోకి ఎక్కించాం. అసలు పడనిదాన్ని చూడలేదు. రెండో గడిని ఇంతగా మెచ్చుకుంటున్నాను గానీ, దాన్ని నింపేది ఎప్పుడూ మూడో గడిని చూశాకే. కొత్త పాస్‌బుక్ పక్కన పాతది పెట్టుకుని, పాతదానిలోంచి ఒక్కో లైను చదువుతూ రావాలి. మేం చేసింది తిరగేసిన పని.

దీని ముప్పు చిన్నది కాదు. భార్యాభర్తలది ఉమ్మడి ఖాతా అయి, పీపీఓలో కుటుంబ పెన్షన్ ఆమె పేరున ఉంటే, ఆయన తదనంతరం కుటుంబ పెన్షన్ అదే ఖాతాలో జమ అవుతుంది, కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుపట్టకూడదు. సింగిల్ అని ఉంటే ఖాతా అక్కడితో ఆగిపోతుంది. ఉన్న డబ్బుకి ఒక క్లెయిము, పెన్షన్‌కి మరో ఖాతా.

సరిచేయించడానికి రాసిన రెండో దరఖాస్తులో మాట ఎంపికే ప్రధానం. ‘నా భార్యను ఉమ్మడి ఖాతాదారుగా చేర్చండి’ అని రాస్తే అది కొత్త కోరిక. ‘విలీనానికి ముందున్న ఉమ్మడి ఖాతాదారును, నిర్వహణ పద్ధతిని పునరుద్ధరించండి, ఖాతా తెరిచినప్పటి ఫారం మీ రికార్డు నుంచి తీసి సరిచూడగలరు’ అని రాశాం. ఇద్దరి సంతకాలూ పెట్టించాం. జతలు: ఇద్దరి పేర్లూ ఉన్న పాత పాస్‌బుక్ పేజీ, ఆవిడ ఆధార్, పాన్, ఫొటో, ఇంకా పీపీఓలో భార్య పేరున్న పేజీ. పేరు సవరణకి పనికిరాని పీపీఓ ఇక్కడ అన్నిటికంటే బాగా పనిచేసింది. పాత ఫారం శాఖలో లేదు, మూతపడ్డ శాఖ కాగితాలన్నీ వేరే గోదాములో ఉన్నాయట. అది వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆవిడ కేవైసీ ఎలాగూ కొత్తగా చేయాల్సివచ్చింది కాబట్టి, ‘పునరుద్ధరణ’ అన్న మాట వల్ల కాగితాల సంఖ్యేమీ తగ్గలేదు. కానీ పాత ఫారం వెతికే బాధ్యత బ్యాంకు మీద పడింది, ఆలస్యానికి జవాబు చెప్పాల్సిందీ వాళ్లే అయ్యారు.

అప్పటి నుంచి నమూనాలో మూడు వరుసలు ముందే అచ్చువేసి ఉంచాం: ఉమ్మడి ఖాతాదారు, నిర్వహణ పద్ధతి, నామినీ. మారినా మారకపోయినా నింపాల్సిందే. మారకపోతే ‘అదే’ అని రాయాలి.

పని అయిందో లేదో పాస్‌బుక్ ఒక్కదాన్నీ చూసి నమ్మకండి. పేరు రెండు చోట్ల ఉంటుంది, మనిషి రికార్డులో ఒకసారి, ఖాతా రికార్డులో ఒకసారి. ఒకటి దిద్ది రెండోది వదిలేయడం మామూలే. పాస్‌బుక్ మొదటి పేజీ మళ్లీ అచ్చు వేయించి, వడ్డీ సర్టిఫికెట్ కూడా తీసుకుని, రెండింటిలో పేరు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువగా అక్కడే దొరికిపోతుంది. ఉమ్మడి ఖాతాదారు సంగతి ఆ రెండూ చెప్పకపోవచ్చు. నిర్వహణ పద్ధతి ఏమని ఉందో స్క్రీన్ మీద చూసి దరఖాస్తు రెండో ప్రతి మీదే రాసి సంతకం చేయమని అడుగుతాం. కొందరు అధికారులు చేస్తారు, కొందరు నోటిమాటతో సరిపెడతారు.

ఈ నమూనా అందరికీ సరిపోతుందని చెప్పలేను. పాత పాస్‌బుక్ లేనివాళ్లకి రెండో గడి ఖాళీయే. కొత్తది ఇచ్చేటప్పుడు పాతదాన్ని కొట్టేసి కౌంటర్లోనే ఉంచేసుకున్న శాఖలూ ఉన్నాయి, ఇచ్చేముందు జిరాక్సు తీసుకోవాలి. పాత స్టేట్‌మెంటు ఉన్నా కొంత నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి శాఖ నుంచి పెన్షన్ ప్రాసెసింగ్ సెంటరుకి సమాచారం వెళ్తుంది కాబట్టి ఈ ఒక్క కాగితం చాలు. ట్రెజరీ ద్వారా పెన్షన్ తీసుకునే రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకి చాలదు. కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ ఉన్న పాస్‌బుక్ పేజీతో సబ్ ట్రెజరీకి విడిగా మరో ఉత్తరం పెట్టాలి. మంచం పట్టినవాళ్ల విషయంలో దరఖాస్తు కంటే సంతకమే పెద్ద చిక్కు. వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. అంటే ఆయన ఇంటికి రావాలి. అది ఏ నమూనాతోనూ అయ్యే పని కాదు, మేనేజరు గారి మంచితనం మీద ఆధారపడుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇన్‌వర్డ్ సీలు పడ్డ రెండో ప్రతి ఉంటే అందులో కొత్తగా రాయాల్సింది పెద్దగా ఉండదు, ఆ పట్టికనే ఫొటో తీసి ఎక్కిస్తే సరిపోతుంది. సీలు మీద తేదీ సరిగ్గా పడిందో లేదో మాత్రం కౌంటరు దగ్గరే చూసుకోండి.